వాసన రాని రంగు

దువ్వెన సగం దాకా దిగి ఆగిపోయింది. ముక్కక్క ఇంకాస్త మెల్లగా లాగింది. చిక్కు విడినట్టే అనిపించింది. తీరా పైకెత్తి చూస్తే దువ్వెన పళ్లకు చారెడు జుట్టు వేలాడుతోంది.

ఊడిన జుట్టు కాదది. ఊడిన వెంట్రుకకు చివర తెల్లటి చిన్న కుదురు ఉంటుంది. పరాయి తలల మీద సగం జీవితం గడిపిన మనిషికి ఆ తేడా చూడక్కర్లేకుండా వేళ్లకే తెలుస్తుంది. ఇది తెగిన జుట్టు. నడి మధ్యలో, పాత నులకతాడు తెగినట్టు తెగింది. తడి జుట్టును రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం లాగి చూసింది. రబ్బరులా సాగింది. సాగి, మళ్లీ వెనక్కి రాకుండానే పుటుక్కుమంది.

ముక్కక్క దువ్వెనను అలాగే గాల్లో పట్టుకుంది.

కుర్చీలో కూర్చున్నది టీచరమ్మ. హైస్కూల్లో లెక్కలు చెప్తుంది. నడుం దాటే జడ ఆవిడది. తొందరగా నెరిసిందని ఏడాదిగా నెలనెలా వచ్చి లేత గోధుమ రంగు వేయించుకుంటోంది. తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుని ఉన్నావిడ, దువ్వెన కదలకపోయేసరికి కళ్లు తెరిచింది.

"ఏంటమ్మా, ఆగిపోయావు?"

ముక్కక్క దువ్వెన దాచబోయింది. అద్దంలో టీచరమ్మ చూపు ముందు ముక్కక్క ముఖం మీద పడింది, తర్వాత చేతి మీద పడింది.

"అది... నాదా?"

పక్క కుర్చీ దగ్గర జుట్టు కత్తిరిస్తున్న, ఆగని మాటల వల్ల గలగల అని పేరు పడ్డ అమ్మాయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆపేసింది. టీచరమ్మ లేచింది. భుజం మీద తువ్వాలు జారి కింద పడింది. వెనక జుట్టులోకి చెయ్యి పోనిచ్చి దులిపితే ఇంకో పాయ వచ్చింది. ఆవిడ అరవలేదు. ఏడవలేదు. ఆ పాయను అరచేతిలో పెట్టుకుని, తప్పు లెక్క చేసిన పిల్లాడి పలకను చూసినట్టు చూస్తూ నిలబడిపోయింది.

"ఇందులో అమ్మోనియా లేదన్నారు కదమ్మా," అంది చివరికి. అంతే అంది.

*

ముక్కక్కకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని ఇప్పుడు వాళ్ల అత్త కూడా వాడదు. తువ్వాళ్లు ఉతకడానికి పార్లర్‌లో చేరిన కొత్తలో, వెనకగదిలో రంగులు వేసే పెద్దామె ఆమెను పక్కన నిలబెట్టుకుని పని నేర్పింది. ఆ పెద్దామెకు గడియారం అక్కర్లేదు. "ముక్కే గడియారం పిల్లా," అనేది. గిన్నెలో రంగూ పెరాక్సైడూ కలపగానే ఘాటు ముక్కులో సూదిలా దిగుతుంది. తలకు పట్టించాక కాసేపటికి సూది మొద్దుబారుతుంది. ఘాటు దిగిందంటే రంగు కావచ్చిందన్న మాట. కడిగేటప్పుడు తల మీదకు వంగి పీలిస్తే ఘాటు పూర్తిగా పోయి ఉండాలి. అప్పుడు కడగడం అయిపోయినట్టు.

అదేమీ గుడ్డి లెక్క కాదు. అమ్మోనియాకు ఎగిరిపోయే గుణం ఉంది. రంగులో ఉన్నది తల మీద ఉండగానే కొంచెం కొంచెంగా గాల్లో కలిసిపోతుంది. ముక్కుకు తెలిసేది ఆ పోకే. పెద్దామె తర్వాత ఆ గది ఈమె చేతికొచ్చింది. మిగతావాళ్లు గోడ మీద గడియారం వంక చూస్తుంటే ఈమె గాలి పీల్చి, "ఇంకొంచెం ఆగాలి," అనేది. అదే నిజమయ్యేది. వేసిన రంగు వేసినట్టు కుదిరేది. ముక్కు అక్క కాస్తా ముక్కక్క అయింది. ముక్కుసూటిగా మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. అదీ నిజమే.

అయితే ఎగిరిపోయిన అమ్మోనియా ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. ఆ వెనకగదికి కిటికీ లేదు. ఒకవైపు గోడ పక్క దుకాణానిది, ఇంకోవైపు మెట్లు. సోఫాలూ, పెద్ద అద్దాలూ, కుండీలో ప్లాస్టిక్ మొక్కా, వీధి వైపు రెండు గాజు తలుపులూ ముందుగదికి. రంగుల పని, కంపుపని వెనకగదికి. కస్టమరు అక్కడ కూర్చునేది కాసేపు. ముక్కక్క ఉండేది రోజంతా. తల మీద నుంచి లేచినదంతా ఆమె ఊపిరితిత్తుల్లోకే వెళ్లేది.

మొదట కళ్లు మండాయి. తర్వాత గొంతు. తర్వాత దగ్గు పట్టుకుంది. మెట్లెక్కుతుంటే పిల్లనగోవి ఊదినట్టు రొమ్ములో ఈల. ఆస్పత్రిలో డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి, ఏం పని చేస్తావని అడిగి, విని, తల పంకించాడు. "శ్వాసగొట్టాలు వాచిపోయాయమ్మా. ఆ గదిలో ఆ గాలి పీలుస్తూ ఉంటే నా మందులు పనిచెయ్యవు. ఆ గదిని నువ్వు వదిలెయ్, లేదా ఆ గాలి నిన్ను వదిలెయ్యాలి."

అటువంటి సమయంలో వచ్చాయి కొత్త ట్యూబులు. ఆకుపచ్చ పెట్టె, దాని మీద ఆకు బొమ్మ, ఆకు కింద పెద్దక్షరాల్లో 'అమ్మోనియా లేదు'. మేడమ్, అంటే పార్లర్ యజమానురాలు, అదే మాట గాజు తలుపు మీద కూడా అంటించింది. లేనిదాన్ని గొప్పగా రాసుకోవడం వ్యాపారం మొదటి పాఠం. ఉన్నదేమిటో పెట్టె వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఇథనోలమైన్. దాన్ని ఎవరూ చదవలేదు. చదివినా నోరు తిరగదు.

ముక్కక్క మొదటి గిన్నె కలిపి, అలవాటుగా ముఖం పక్కకు తిప్పుకుంది. ఏమీ రాలేదు. వంగి పీల్చింది. ఎక్కడో దూరంగా చేపల బుట్ట కడిగిన నీళ్లలాంటి పలుచటి వాసన, దాని మీద పూల సెంటు. సూది లేదు. ఆమెకు కళ్లలో నీళ్లొచ్చాయి, ఈసారి మంట వల్ల కాదు.

నెల తిరిగేసరికి దగ్గు సద్దుమణిగింది. "ఏమే కోడలా," అంది అత్త, "నీ దగ్గు వింటూ ఈ వీధిలో దొంగలు కూడా జాగ్రత్తగా ఉండేవాళ్లు. ఇప్పుడు మనింటికి తాళం కొనాలేమో!"

*

టీచరమ్మ వెళ్లిపోయాక మేడమ్ వెనకగదిలోకి వచ్చి తలుపు వేసింది.

"ఏం చేశావు ఆవిడకి?"

"ఎప్పుడూ చేసేదే మేడమ్."

"ఎప్పుడూ చేసేదే చేస్తే ఎప్పుడూ వచ్చేదే రావాలి కదా! జుట్టు చేతికి రావడమేంటి? ఆ స్కూల్లో ఉన్న టీచర్లందరూ మన దగ్గరికే వస్తారు. రేపు ఈవిడ స్టాఫ్ రూమ్‌లో ఆ జడ విప్పి చూపిస్తే మన గతేంటి?"

"జడ ఇంక లేదు మేడమ్," అంది తలుపు అవతల నుంచి గలగల. "భుజాల దాకా కత్తిరించేశాను. ఆవిడే కత్తిరించమంది."

మేడమ్ గట్టిగా ఊపిరి వదిలింది. ఆవిడ దుర్మార్గురాలేమీ కాదు. ముక్కక్కకు దగ్గు ముదిరినప్పుడు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది కూడా ఆవిడే. కానీ పార్లర్ అంటే ఆవిడకు ముందుగది. వెనకగది అంటే ముందుగదికి కావలసినవి తయారయ్యే చోటు. అంతకు మించి ఆవిడ ఆలోచన పోదు. చాలామందికి పోదు.

"సోమవారం నుంచి పాత ట్యూబులే," అంది. "కంపు కొడితే కొట్టింది. వాటితో ఇన్నేళ్లలో ఒక్క తల పాడవలేదు."

ముక్కక్క చేతిలోని గిన్నె కింద పెట్టింది. పాత ట్యూబులంటే ఈ గదిలోకి మళ్లీ ఆ గాలి. ఆ గాలి వస్తే తను ఉండలేదు. తను ఉండకపోతే, జుట్టుకు రంగు వేయడం తప్ప ఇంకే పనీ చేతకాని ఈ రెండు చేతులు ఏం చెయ్యాలి? మళ్లీ తువ్వాళ్లు ఉతకాలా?

"ఒక్కసారి ఆ కంపెనీ ట్రైనరమ్మను పిలవండి మేడమ్. ఏం జరిగిందో తెలుసుకుని నిర్ణయిద్దాం," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"పిలుస్తా. టీచరమ్మ కూడా వస్తానంది. ఎందుకు తెగిందో నాకు తెలియాలి అని పట్టుబట్టింది."

*

ట్రైనరమ్మ కొత్త రంగు వచ్చినప్పుడు పార్లర్లు తిరిగి వాడకం చూపించే అమ్మాయి. మెడలో కంపెనీ కార్డు, చేతిలో చక్రాల పెట్టె, నవ్వు ముందే వేసుకుని వస్తుంది. ఆదివారం పొద్దున షట్టర్ సగం ఎత్తిన పార్లర్‌లోకి వంగి వచ్చి, భుజాల దాకా జుట్టుతో కూర్చున్న టీచరమ్మను చూసి ఆ నవ్వు తీసేసింది.

తెగిన జుట్టును టీచరమ్మ ఒక కవరులో తెచ్చింది. ట్రైనరమ్మ ఒక పాయ తీసి వెలుతురుకు పట్టింది, వేళ్ల మధ్య కింది నుంచి పైకి రాసింది.

"గరగరలాడుతోంది. వెంట్రుక మీది పొలుసులు మూసుకోలేదు," అంది. "ఒకటడుగుతాను, కోప్పడకండక్కా. రంగు తల మీద ఎంతసేపు ఉంచుతున్నారు?"

"ఘాటు దిగేదాకా," అంది ముక్కక్క, నోటికి వచ్చేసినట్టు.

"దీనికి ఘాటెక్కడిది అక్కా?"

ముక్కక్క ఆగింది. ఆ ప్రశ్న ఆమెకు ఇన్ని నెలల్లో ఒక్కసారీ రాలేదు.

"అదే... దిగిందో లేదో తెలియట్లేదు కాబట్టి, రంగు తేలేదాకా ఉంచుతున్నా. లేత రంగు కదా, తొందరగా తేలట్లేదు. పాతదానికంటే ఎక్కువసేపే ఉంచాల్సొస్తోంది. మెత్తనిదని రాసుంది కదా, ఏం కాదులే అని..."

"కడగడం?"

"కడిగేటప్పుడు వంగి చూస్తా. వాసన ఉండదు. నీళ్లు తేటపడగానే ఆపేస్తా."

"వేర్ల దగ్గర కొత్తగా వచ్చిన జుట్టుకేనా, మొత్తం జుట్టుకా?"

ముక్కక్క మేడమ్ వైపు చూసింది. మేడమ్ ప్లాస్టిక్ మొక్క వైపు చూసింది. పాత రంగయితే కొసలకు తగలకుండా వేర్ల దగ్గరే పూసేవాళ్లు. కొత్తది వచ్చాక, 'మెత్తనిదేగా, ఒక్కసారిగా మెరుస్తుంది, మొత్తం పూసెయ్యి,' అన్నది మేడమే.

"మొత్తానికి," అంది ముక్కక్క.

"నెలనెలా?" అంది ట్రైనరమ్మ, ఈసారి గొంతు తగ్గించి.

"నెలనెలా," అంది టీచరమ్మ.

ట్రైనరమ్మ తన పెట్టె తెరిచింది. రంగు ఎప్పుడూ తగలని జుట్టు కావాలంటే, నిన్న మొదటిసారి జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక అమ్మాయి పాయలు గలగల తీసి ఇచ్చింది. ఒకదానికి అరలో అడుగున మిగిలిన పాత ట్యూబు, ఇంకోదానికి కొత్తది. రెండూ ఒకే లేత రంగు. పాత ట్యూబు మూత తీయగానే ముక్కక్క రొమ్ము బిగుసుకుంది. దగ్గు ఒకటి తన్నుకొచ్చింది. ఆమె లేచి షట్టర్ దగ్గరికి వెళ్లి నిలబడింది. అక్కడి నుంచే చూసింది.

"వెంట్రుక పైన పెంకుటింటి పెంకుల్లా పొరలుంటాయి టీచర్," అంది ట్రైనరమ్మ, బ్రష్‌తో పూస్తూ. "అవి మూసుకుని ఉంటే రంగు లోపలికి పోదు. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, పెంకులు లేస్తాయి. ఆ సందుల్లోంచి పెరాక్సైడూ, రంగు ముక్కలూ లోపలికి దూరతాయి. జుట్టు సహజ రంగును పోగొట్టే పెరాక్సైడ్ గట్టిగా పనిచెయ్యాలన్నా క్షారం ఉండాలి. రంగు ముక్కలు లోపల ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోయి బయటికి రాలేక ఉండిపోతాయి. అమ్మోనియా చేసేదీ ఇదే, ఈ ఇథనోలమైన్ చేసేదీ ఇదే. రెండూ తలుపు తెరిచేవే."

"మరి తేడా ఏంటి?" అంది టీచరమ్మ.

"అమ్మోనియా చిన్న రేణువు. గబగబా దూరి గట్టిగా తెరుస్తుంది. అది ఆవిరి కూడా కాబట్టి పని జరుగుతుండగానే ఎగిరిపోతుంటుంది. కళ్లూ ముక్కూ మండేది అందుకే. ఇది పెద్ద రేణువు, నింపాదిగా తెరుస్తుంది. ఆవిరవదు, అందుకే వాసన రాదు. కానీ ఆవిరవనిది ఎక్కడికి పోతుంది?"

టీచరమ్మ చెయ్యి కత్తిరించిన తన జుట్టు మీదకు వెళ్లింది.

"జుట్టులోనే ఉంటుంది," అంది ముక్కక్క, షట్టర్ దగ్గర నుంచి.

"అదేనక్కా. అమ్మోనియా అల్లరి చుట్టం. వచ్చినప్పుడు ఇల్లు పీకి పందిరేస్తుంది, పోయేటప్పుడు అందరికీ తెలిసేలా పోతుంది. ఇది నోరు మెదపని చుట్టం. వచ్చినట్టే తెలియదు. పొమ్మని నీళ్లతో గెంటితే తప్ప పోదు."

రంగు తేలే సమయానికి పాత పాయ దగ్గర ఘాటు బాగా తగ్గింది. గలగల దగ్గరగా వెళ్లి, "నిజమే, సూది మొద్దుబారింది," అంది ఆశ్చర్యంగా. కొత్త పాయ ఇంకా అనుకున్నంత లేతగా రాలేదు. ట్రైనరమ్మ దాన్ని ఇంకాసేపు ఉంచింది. తర్వాత రెంటినీ నీళ్లు తేటపడేదాకా ఒకే రకంగా కడిగి, పిండి, తన దగ్గరున్న చిన్న కాగితపు ముక్కలు రెంటి తడి మీద ఒత్తింది. అవి పులుపుకు ఎర్రబడే, మామూలు నీళ్లకు ఆకుపచ్చగా ఉండే, క్షారానికి నీలమయ్యే కాగితాలు.

పాత పాయ మీది కాగితం ఆకుపచ్చకు కాస్త అవతల ఆగింది. కొత్త పాయ మీద పెట్టిన కాగితం చూస్తుండగానే ముదురు నీలమైపోయింది.

టీచరమ్మ లేచి నిలబడింది. "కడిగిన తర్వాత కూడానా?"

"కడిగిన తర్వాత కూడా. అంటే ఇంటికి వెళ్లాక కూడా ఆ పెంకులు తెరుచుకునే ఉన్నాయి టీచర్. ఆ తెరుచుకున్న జుట్టునే ఆరబెట్టారు, దువ్వారు. మళ్లీ నెలకు దాని మీదే ఇంకోసారి పూశారు. ఒక్కసారికి తెగదు. కొంచెం కొంచెంగా లోపలి గట్టిదనం పోతుంది. ఒకరోజు దువ్వెనకు వచ్చేస్తుంది."

ముక్కక్క తన చేతులు చూసుకుంది. కొన్ని నెలలుగా వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా మండుతోంది. గిన్నెలు తోమే సబ్బు వల్ల అనుకుని, అత్తతో సబ్బు మార్పించింది కూడా. 'మెత్తనిదే కదా' అని చేతి తొడుగులు మానేసింది ఎప్పటి నుంచో ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ పెట్టె మీద ఆకు బొమ్మకు బదులు ఈ చేతుల బొమ్మ వేసి ఉంటే బాగుండేదనిపించింది.

"మీ పెట్టె మీద ఇవేవీ రాయలేదే?" అంది టీచరమ్మ.

ట్రైనరమ్మ ముఖం కందింది. "మాకు క్లాసులో చెప్పింది, వాసన లేదు కాబట్టి దెబ్బ లేదని అమ్మండి అనే. నేనూ అలాగే చెప్పాను. తర్వాత నా అంతట నేను చదువుకుంటే తెలిసింది. నెరిసిన జుట్టు కప్పే ముదురు రంగులకి ఇది కొంచెం చాలు, బాగా కడిగితే నిజంగానే మెత్తనిది. లేత రంగులకి అలా కాదు. అమ్మోనియా ఎంత తెరుస్తుందో అంత తెరవాలంటే ట్యూబులో దీన్ని ఎక్కువ పొయ్యాలి. అంత పోస్తే దీని దెబ్బ అమ్మోనియా కంటే తక్కువేం కాదు. ఎక్కువే కావచ్చు. ఈ మాట నేనన్నానని మా ఆఫీసులో తెలిస్తే..." అని మెడలో కార్డు తిప్పి పెట్టుకుంది.

ముక్కక్క షట్టర్ దగ్గర నుంచి వచ్చి టీచరమ్మ ముందు నిలబడింది.

"మీ జుట్టు నేనే పోగొట్టానమ్మా. నా ముక్కును నమ్ముకున్నాను. వాసన లేకపోతే పోయిందనే అనుకున్నాను."

"నువ్వొక్కదానివే అనుకున్నావా?" అంది టీచరమ్మ. "నేనూ ఆ ఆకు బొమ్మ చూసే వచ్చాను. రోజూ పిల్లలకి ఋజువు లేనిదే నమ్మొద్దని చెప్తాను మళ్లీ!"

మేడమ్ గొంతు సవరించుకుంది. "సరే. అయితే పాతదే నయమని తేలింది. రేపటి నుంచి అదే."

"నెరిసిన జుట్టుకి వేసే ముదురు రంగులకి కొత్తది ఉంచండి మేడమ్," అంది ముక్కక్క. "తొడుగులు ఇప్పించండి. ఎంతసేపు కడగాలో, కడిగాక ఏం పూయాలో ఈ అమ్మాయి నేర్పుతుంది. లేత రంగులకి పాతదే వేస్తాను. కానీ లోపల వెయ్యలేను. ఇక్కడ, తలుపుల దగ్గర వేస్తాను."

"ముందుగదిలోనా?" మేడమ్ నిజంగానే నిర్ఘాంతపోయింది. "ఏం మాట్లాడుతున్నావ్? ఆ కంపు మనుషులు భరిస్తారా?"

అన్నాక కూడా ఆవిడకు తాను అన్న మాట అర్థం కాలేదు. గదిలో ఉన్న మిగతా అందరికీ అర్థమైంది. గలగల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆవిడ కావాలని అని ఉంటే ముక్కక్కకు కోపం వచ్చేది. కావాలని అనలేదు. అలా సహజంగా, మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అనేసింది. అందుకే ముక్కక్క కోపం తెచ్చుకోలేక, సంచి తీసుకుని ఇంటిదారి పట్టింది.

*

"అదేనా మీ మేడమ్ అంది?" అంది అత్త ఇంట్లో, కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి. "ముందుగదిలో వాళ్లు మనుషులైతే నువ్వేంటట, పొగగొట్టానివా?"

"నన్ననలేదత్తయ్యా. మామూలుగా అంది."

"మామూలుగా అనడమే చోద్యం!" అత్త కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. "పని వదిలేసి వచ్చెయ్యమందామంటే, ఆ గిన్నె కలపకపోతే నీకు అన్నం అరగదు. వెళ్లమందామంటే నీ రొమ్ములో ఈల. నాకేం చెప్పాలో తోచట్లేదే."

"నాక్కూడా," అంది ముక్కక్క.

*

సోమవారం మొదటి లేత రంగు కస్టమరు త్వరలో పెళ్లి కాబోయే ఒక అమ్మాయి. సోఫా మీద అప్పటికే ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. తల వెనక చిందరవందరగా మిగిలిన కొసలు సరిచేయించుకోవడానికి వచ్చిన టీచరమ్మ గలగల కుర్చీలో ఉంది. మేడమ్ పాత ట్యూబుల పెట్టె తెచ్చి వెనకగది గుమ్మంలో పెట్టి వెళ్లింది.

ముక్కక్క ఆ పెట్టె ఎత్తుకుని గుమ్మం దాటబోయింది. లోపల గాలి కదలకుండా నిలబడి ఉంది. నిన్న కడగకుండా లోపల పడేసిన గిన్నెల వాసన ఇంకా గోడలకు పట్టుకునే ఉంది. ఒక్క అడుగు వేసింది. రొమ్ములో ఈల మోగింది.

ఆమె వెనక్కి తిరిగింది. కింద చక్రాలున్న ఒక కుర్చీని ముందుగది మధ్యలోంచి గడగడా దొర్లించుకుంటూ వీధి తలుపుల దాకా తీసుకెళ్లింది. రెండు గాజు తలుపులూ బార్లా తెరిచి, అవి మూసుకోకుండా ఒకదానికి ప్లాస్టిక్ మొక్క కుండీ, ఇంకోదానికి పత్రికల బల్ల అడ్డం పెట్టింది. "ఇలా కూర్చో తల్లీ, గాలి బాగుంటుంది," అంది పెళ్లికూతురితో.

మేడమ్ బిల్లుల బల్ల వెనక నుంచి లేచింది. "ఏం చేస్తున్నావ్? ఏయ్, ఏం చేస్తున్నావ్?"

ముక్కక్క తొడుగులు వేసుకుంది. గిన్నెలో ట్యూబు పిండి, పెరాక్సైడ్ పోసి, బ్రష్‌తో తిప్పింది.

సోఫాలో అందరికంటే ముందు కూర్చున్నావిడ ముక్కు మూసుకుని సగం లేచింది. "అబ్బా! ఏంటండీ ఈ కంపు? కళ్లు పోతున్నాయి!"

"రంగేనమ్మా," అంది ముక్కక్క. "కొత్త రంగు రాకముందు మీక్కూడా ఇదే వేశాను. లోపల."

"లోపల ఇంత రాలేదే!"

"మీరు తల ఆరేదాకా ఉండి బయటికి వచ్చేసేవారు. ఎంత వచ్చేదో నేను చెప్తాను, అడగండి."

వీధిలోంచి గాలి ఒక్క విసురు విసిరింది. ఘాటు గుమ్మం దాటి బయటికి కొట్టుకుపోయింది. ముక్కక్క రొమ్ము బిగుసుకోలేదు. చెయ్యి ఆడుతోంది, బ్రష్ ఆడుతోంది, వేర్ల దగ్గర మాత్రమే, కొసలకు తగలకుండా.

"నా పరువు తియ్యడానికేనా ఇది?" అంది మేడమ్, దగ్గరికొచ్చి, పళ్ల మధ్య నుంచి. "ముందు లోపలికి పద."

"రండి మేడమ్, వెళ్దాం," అంది ముక్కక్క. ఆమె గొంతులో వెటకారం లేదు. గిన్నె చేతికిచ్చింది. "మీరు ముందు వెళ్లండి. తలుపు వేసుకుని, ఈ గిన్నె పట్టుకుని కూర్చోండి. మీరు వచ్చి పిలిస్తే నేను కుర్చీ లోపలికి తెస్తాను."

అందరూ చూస్తున్నారు. మేడమ్‌కు వెనక్కి తగ్గే దారి లేదు. గిన్నె పట్టుకుని విసవిసా వెళ్లి, వెనకగదిలో దూరి, ధడాలున తలుపు వేసుకుంది.

గలగల కత్తెర ఆపింది. టీచరమ్మ అద్దంలోంచి ఆ తలుపు వైపే చూస్తోంది. సోఫాలో ఆవిడ ముక్కు మీద చెయ్యి తీసి, "ఆ గదికి కిటికీ లేదా?" అని అడిగింది. లేదన్నట్టు గలగల తల ఊపింది.

లోపల నుంచి ఒక దగ్గు వినిపించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకో దగ్గు, దాని వెనకే ఆగకుండా ఇంకోటి, ఇంకోటి. కుర్చీ దేనికో తగిలిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. మేడమ్ బయటికొచ్చింది. కాటుక చెంపల మీదకు కారింది. చేతిలో గిన్నె లేదు. గోడ పట్టుకుని, అందరినీ దాటుకుని, వీధి గుమ్మం దాకా వచ్చి, బయటి గాలిని నోరంతా తెరిచి పీల్చుకుంది. ముక్కక్క నీళ్ల సీసా అందించింది. మేడమ్ తాగబోయి, దగ్గి, మళ్లీ తాగింది.

"రోజంతానా?" అంది చివరికి. కంపు గురించి కాదు, ఇన్నేళ్ల గురించి అడుగుతున్నట్టుంది.

"రోజంతా," అంది ముక్కక్క.

మేడమ్ సీసా మూత పెట్టింది. తన సోఫాల వైపు, అద్దాల వైపు, ఎవరి దుకాణమో అన్నట్టు చూసింది. తర్వాత కుర్చీలోని పెళ్లికూతురి తలను చూసింది. సగం పూసిన రంగు, సగం పూయని జుట్టు.

"ఆ అమ్మాయిని అలా వదిలేశావేంటి?" అంది బొంగురు గొంతుతో. "కానివ్వు. ఇక్కడే కానివ్వు."

"గిన్నె లోపలుంది మేడమ్."

మేడమ్ ఆ తలుపు వైపు ఒకసారి తిరిగింది. వెళ్లలేకపోయింది.

"ఇంకోటి కలుపు," అంది.